ట్రాన్స్‌ఫార్మర్ మారింది, బ్రేకర్ల సంగతేమిటి?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లు ఒకటి ఉందనుకుందాం. హెచ్‌టీ సర్వీసు, సొంత ట్రాన్స్‌ఫార్మర్: 250 కేవీఏ, 11 కేవీ నుంచి 433 వోల్టులకు. ఎల్‌టీ ప్యానెల్‌లో బస్‌బార్ మీద వరుసగా బ్రేకర్లు. వాటి ముఖం మీద ఆంపియర్ల అంకె పెద్దగా, దాని కింద చిన్న అక్షరాల్లో ‘10 కేఏ’ అని ఉంటుంది. కొత్త సార్టెక్స్ మిషను, ఇంకో డ్రయ్యరు వచ్చాయి, లోడ్ చాలడం లేదు. యజమాని 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి పెట్టించారు. ఎలక్ట్రీషియన్ కేబుళ్లు మార్చాడు, మెయిన్ బ్రేకర్ పెద్దది వేశాడు. మిగతా బ్రేకర్లను ముట్టుకోలేదు. మోటార్లు పాతవే, వాటి ఆంపియర్లూ పాతవే కాబట్టి మార్చాల్సిన పనేముంది అనుకున్నాడు.

ఆ చిన్న అక్షరాల 10 కేఏ గురించి ఎవరూ అడగలేదు. బ్రేకర్ పగిలిపోకుండా తెంచగలిగే గరిష్ట షార్ట్ సర్క్యూట్ కరెంటు పది వేల ఆంపియర్లు అని దానర్థం. బస్‌బార్ మీద షార్ట్ పడితే నిజంగా ఎంత కరెంటు వస్తుందో చెప్పేదే ఫాల్ట్ లెవెల్. దాన్ని లెక్కకట్టడానికి కావలసిన ముఖ్యమైన అంకె ట్రాన్స్‌ఫార్మర్ నేమ్ ప్లేట్ మీదే ఉంటుంది: శాతం ఇంపిడెన్స్. మన మిల్లులో కొత్తదానికీ పాతదానికీ అది 4.5.

ఈ శాతం ఎక్కడిదో తెలిస్తే లెక్క నోటికొచ్చేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో టెస్ట్ బెంచ్ దగ్గర ఎల్‌టీ వైపు మూడు ఫేజులనూ లావుపాటి రాగి పట్టీతో కలిపి షార్ట్ చేస్తారు. 11 కేవీ వైపు వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, వైండింగ్‌లో ఫుల్ లోడ్ కరెంటు రాగానే ఆపుతారు. ఆ క్షణాన మీటరు 495 వోల్టులు చూపిస్తే, అది 11,000లో 4.5 శాతం. ప్లేటు మీద కొట్టే అంకె అదే. కాపర్ లాస్ కొలిచేదీ ఈ పరీక్షలోనే.

ఇప్పుడు దాన్ని తిప్పి చూడండి. 4.5 శాతం వోల్టేజీకే ఫుల్ లోడ్ కరెంటు పారితే, నూరు శాతం వోల్టేజీ ఉండగా షార్ట్ పడితే అంతకు 100 ÷ 4.5 రెట్లు, అంటే 22.2 రెట్లు పారుతుంది. ఆ ఫుల్ లోడ్ కరెంటు ఎంతో చూద్దాం. 500 కేవీఏని 1.732తోనూ 433 వోల్టులతోనూ భాగిస్తే 667 ఆంపియర్లు. దాన్ని 22.2తో గుణిస్తే సుమారు 14,800 ఆంపియర్లు, అంటే 14.8 కేఏ. కేవీఏలో చెప్పాలంటే 500 × 100 ÷ 4.5 = 11,111, దాదాపు 11 ఎంవీఏ.

పాత 250 కేవీఏకి ఇదే లెక్క వేస్తే 7.4 కేఏ వస్తుంది. అప్పుడు 10 కేఏ బ్రేకర్లు నిశ్చింతగా సరిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ మారిన రోజునుంచి అవి చాలవు. ఏ మోటారూ మారలేదు, రోజూ పారే కరెంటూ మారలేదు. మారింది షార్ట్ పడినప్పుడు మాత్రమే బయటపడే అంకె.

ఇక్కడ అనుభవమున్న ఇంజినీరు ఒక అభ్యంతరం చెబుతాడు. 11 కేవీ వైపు వోల్టేజీ ఇసుమంతైనా తగ్గదని అనుకుని వేసిన లెక్క ఇది. నిజానికి ఆ లైనుకీ వెనకాల సబ్‌స్టేషన్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అది 33/11 కేవీ, 5 ఎంవీఏ, 7.15 శాతం అనుకుందాం. మన ట్రాన్స్‌ఫార్మర్‌కి పదింతలు పెద్దది కాబట్టి, 500 కేవీఏ కొలతలో చూస్తే దాని 7.15 శాతం కాస్తా 0.715 శాతమే. రెండూ వరుసలో ఉన్నాయి గనుక కలిపితే 5.215 శాతం. 667ని దానితో లెక్కిస్తే 12.8 కేఏ. అంటే అడ్డంగా వేసిన లెక్క రెండు కేఏ ఎక్కువ చూపించింది. శాతాలను ఇలా ఒకే కేవీఏకి మార్చకుండా కలిపేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. 4.5కీ 7.15కీ కూడిక వేసి 11.65 అన్నారంటే ఫాల్ట్ లెవెల్ సగానికి పైగా తగ్గి, చాలని బ్రేకర్ చాలినట్టు కనిపిస్తుంది.

సబ్‌స్టేషన్ నుంచి మిల్లుదాకా ఉన్న లైను పొడవు కూడా ఇంకొంచెం తగ్గిస్తుంది. మిల్లు మరీ దూరాన ఉంటే అంకె పది కేఏ కిందికి దిగవచ్చు. నేనైతే ఆ తగ్గింపును నమ్ముకుని బ్రేకర్లు కొనను. రేపు డిస్కం పక్క ఊళ్లో కొత్త సబ్‌స్టేషన్ కడితే లైను పొట్టిదైపోతుంది, ఆ కబురు మిల్లు ప్యానెల్‌కి ఎవరూ చేరవేయరు. పైగా ఇంకోవైపు నుంచి పెంచేవీ ఉన్నాయి. తిరుగుతున్న మోటార్లు షార్ట్ పడిన తొలి ఒకటి రెండు సైకిళ్లలో తామే జనరేటర్లలా కరెంటు పంపిస్తాయి, తమ ఫుల్ లోడ్‌కి నాలుగైదు రెట్లు. మిల్లులో 300 ఆంపియర్ల మోటార్లు నడుస్తుంటే మరో 1.2 నుంచి 1.5 కేఏ. నేమ్ ప్లేట్ శాతం కూడా హామీ ఇచ్చిన అంకెకు పది శాతం అటూఇటూ ఉండేందుకు ప్రమాణాలు ఒప్పుకుంటాయి. 4.5 అన్నది 4.05 అయితే కరెంటు అదే మేరకు పెరుగుతుంది. అందుకే బ్రేకరు ఎంచుకునేటప్పుడు పై లైనును లెక్కచేయని 14.8నే పట్టుకుని, దానిమీద మోటార్ల వాటా వేసుకోవడం క్షేమం.

బ్రేకరు చాలకపోతే ఏమవుతుంది? కాంటాక్టులు విడిపోతాయి గానీ మధ్యలో లేచిన ఆర్క్ ఆరదు. లోపలి పీడనానికి పెట్టె పగులుతుంది, లేదా కాంటాక్టులు వెల్డ్ అయిపోతాయి. బస్‌బార్ మీద పడే బలం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 7.4 నుంచి 14.8కి వెళ్లినప్పుడు ఆ బలం నాలుగింతలు. పాత సపోర్టుల మధ్య దూరం అప్పటి కరెంటుకు పెట్టింది, దాన్నీ చూసుకోవాలి. ఒకసారి గట్టి షార్ట్‌ను తెంచిన ఎంసీసీబీ పక్కల ఉన్న ఆర్క్ రంధ్రాల దగ్గర నల్లటి మసి కనిపిస్తే, లివరు బాగానే పడుతోంది కదా అని మళ్లీ వాడొద్దు.

మన మిల్లుకి పరిష్కారం తేలికే: బస్‌బార్ మీది బ్రేకర్లు 25 కేఏవి కావాలి. ఎక్కువ శాతం ఇంపిడెన్స్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కొంటే ఫాల్ట్ తగ్గుతుంది నిజమే, కానీ పెద్ద మోటారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ వోల్టేజీ మరింత పడిపోతుంది. మిల్లులో అది రోజూ తగిలే బాధ.

పెద్దదానికి బదులు రెండు 500 కేవీఏలు పెట్టుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బస్ కప్లర్ వేసి రెంటినీ ఒకేసారి సమాంతరంగా నడిపితే బస్‌బార్ మీద ఫాల్ట్ కరెంటు 29.6 కేఏకి చేరుతుంది. అప్పుడు 25 కేఏ బ్రేకర్లూ చాలవు. మూడు బ్రేకర్లకు రెండే తాళంచెవులు ఉండే ఇంటర్‌లాక్ పెట్టేది ఇందుకే. ఏ సమయంలోనైనా మూడిట్లో రెండే వేయగలుగుతారు. హడావుడిలో పని కావడానికి మూడో తాళంచెవి చేయించిన ప్యానెల్ కనిపిస్తే, దాని బ్రేకర్ల కేఏ అంకెను 29.6తో పోల్చి చూడండి.

మీ ప్యానెల్ గదిలో ట్రాన్స్‌ఫార్మర్ కేవీఏ, శాతం ఇంపిడెన్స్, లెక్కకట్టిన ఫాల్ట్ కరెంటు, బ్రేకర్ల కేఏ నాలుగూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన రోజే ఆ కాగితాన్నీ మార్చండి.