రెండావులు, ఒక నోటుపుస్తకం

పాకాల రైలు జంక్షను. ఒక దారి తిరుపతికి పోతుంది. ఒక దారి కాట్పాడికి పోతుంది. ఇంకొకటి ధర్మవరం వైపు పోతుంది. చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఈ దారుల్లోనే బెంగుళూరుకు, చెన్నైకి పనికి పోతుంటారు.

అలాంటి పల్లెలో ఒక ఇల్లు అనుకుందాం. రెండెకరాల మెట్ట చేను ఉంది. వానొస్తే అందులో చెనక్కాయ వేస్తారు. బోరు కింద అర ఎకరం తడి ఉంది. ఇరవై ఏళ్ల కొడుకు ఇంటరు చదివాడు. బెంగుళూరులో నెలకు 16 వేల పని ఉందని తోటివాళ్లు పిలిచారు.

"నేను పోనుమా. ఊర్లోనే ఉంటా. ఆవుల్ని పెట్టుకుంటా" అన్నాడు కొడుకు.

"ఆవుల్తో ఏం మిగుల్తుంది నాయనా?" అంది తల్లి.

ఇద్దరూ లెక్క వేశారు. ముందు బెంగుళూరు లెక్క. గది అద్దెలో తన వంతు 4 వేలు. తిండికి 5 వేలు. బస్సుకూ, ఫోనుకూ, పండక్కి ఊరికి వచ్చి పోవడానికీ నెలకు 2 వేలు. మొత్తం 11 వేలు పోతుంది. చేతిలో మిగిలేది 5 వేలు.

అయితే రెండావులతో నెలకు 5 వేలు మిగులుతాయా? మిగులుతాయి. కానీ అది ఆవుల్ని ఎలా కొంటారు, ఎప్పుడు కొంటారు, ఏం మేపుతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆవు కంటే ముందు గడ్డి

చాలామంది ముందు ఆవును తెస్తారు. తర్వాత గడ్డి కోసం వెతుక్కుంటారు. గడ్డి లేక దాణా ఎక్కువ పెడతారు. పాల డబ్బులన్నీ దాణా అంగడికే పోతాయి. అందుకే ఆవును కొనడానికి మూడు నెలల ముందే గడ్డి నాటాలి.

రెండావులకు 25 సెంట్ల తడి భూమి చాలు. అందులో నేపియరు గడ్డి నాటాలి. రెండు కణుపులున్న ముక్కల్ని రెండడుగుల దూరంలో నాటుతారు. మొదటి కోత 75 రోజులకు వస్తుంది. ఆ తర్వాత 45 రోజులకొకసారి కోయవచ్చు.

ఇక్కడ ఒక ఉపాయం ఉంది. ఆ 25 సెంట్లనూ 45 ముక్కలుగా గుర్తు పెట్టుకోవాలి. రోజుకు ఒక ముక్క మాత్రమే కోయాలి. చివరి ముక్క కోసేసరికి మొదటి ముక్క మళ్లీ కోతకు వస్తుంది. నీళ్లూ పేడ ఎరువూ సరిగా ఇస్తే, ఆ ఒక్క ముక్క రెండావులకు ఒకరోజు మేత అవుతుంది. ఒక్కో ఆవుకు రోజుకు 25 కిలోల పచ్చిగడ్డి కావాలి.

కోయడం ఆలస్యమైతే గడ్డి ముదిరిపోతుంది. ఆవు ఆకు తిని, కాడలు వదిలేస్తుంది. గాడిలో కాడలు మిగిలాయంటే కోత ఆలస్యమైనట్టే. గడ్డిని చిన్న ముక్కలుగా నరికి వేస్తే వృథా తగ్గుతుంది.

గట్ల మీద దశరథ గడ్డి వేసుకోవచ్చు. అది పప్పుజాతి మొక్క. దానివల్ల దాణా కొంత తగ్గుతుంది. చేలో వచ్చిన చెనక్కాయ కట్టె కూడా మంచి మేత. దాన్ని వానకు తడవకుండా వామి వేసుకోవాలి. బూజు పట్టిన కట్టె పెట్టకూడదు.

ఏ ఆవు కొనాలి?

చిత్తూరు సీమ పుంగనూరు ఆవు పొట్టిది. తక్కువ తింటుంది. పాలు చిక్కగా ఉంటాయి. కానీ రోజుకు మూడు నాలుగు లీటర్లే ఇస్తుంది. ఇంటికి మంచిదే గానీ, డైరీకి పాలు పోసి బతకడానికి చాలదు. డైరీకి జెర్సీ సంకరజాతి ఆవు తగినది. పెద్ద నల్లమచ్చల ఆవు, అంటే హోల్‌స్టీన్ సంకరం, ఎక్కువ పాలిస్తుంది. కానీ అది పాకాల ఎండకు ఎక్కువగా రొప్పుతుంది. మేత కూడా ఎక్కువ కావాలి.

రెండో ఈతలో గానీ మూడో ఈతలో గానీ ఉన్న ఆవును కొనాలి. ఈని నెల లోపు అయి ఉండాలి. దూడ పక్కనే ఉండాలి. కొనేముందు పాలు పిండి చూడాలి. ఇక్కడే మోసం జరుగుతుంది. అమ్మేవాళ్లు ముందురోజు సాయంత్రం పాలు పిండకుండా వదిలేస్తారు. పొద్దున పొదుగు నిండుగా ఉంటుంది. పాలు ఎక్కువ వస్తాయి. అందుకే వరసగా మూడు పూటలు పిండించాలి. మొదటి పూట పాలు లెక్కలోకి తీసుకోకూడదు. తర్వాతి రెండు పూటల పాలు కలిపితే ఒకరోజు పాలు తెలుస్తాయి. నాలుగు చన్నుల్లోంచీ ధార వస్తోందా అని కూడా చూడాలి.

రెండూ ఒకేసారి కొనకూడదు

"అప్పు దొరుకుతుందిమా. రెండూ ఒకేసారి తెచ్చేద్దాం" అన్నాడు కొడుకు. అదే పెద్ద పొరపాటు. ఒకేసారి ఈనిన ఆవులు ఒకేసారి వట్టిపోతాయి. అప్పుడు రెండు నెలల పైగా చుక్క పాలుండవు. కానీ మేత పెట్టాలి. అప్పు వాయిదా కట్టాలి. చాలా ఇళ్లలో ఆవుల్ని అమ్ముకునేది ఆ రెండు నెలల్లోనే.

మొదటి ఆవు జూన్ మొదట్లో ఈనింది అనుకుందాం. రెండు మూడు నెలలు గడిచాక, ఆగస్టు చివర్లో ఎదకు వచ్చినప్పుడు సూది వేయించాలి. ఆవు చూడి మోసేది 280 రోజులు. అంటే మళ్లీ జూన్‌లో ఈనుతుంది. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పిండడం ఆపాలి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో దాని పాలుండవు.

రెండో ఆవు డిసెంబరులో ఈనినది అయి ఉండాలి. అది ఏప్రిల్, మే నెలల్లో పాలిస్తూ ఉంటుంది. అది వట్టిపోయే అక్టోబరు, నవంబరులో మొదటి ఆవు పాలిస్తుంది. ఇలా ఆరు నెలల తేడా పెట్టుకుంటే ఏ నెలా పాల డబ్బు ఆగదు.

ఒక ఎద తప్పితే 21 రోజులు

ఈ లెక్కంతా ఒక్కదాని మీద నిలబడి ఉంది. ఆవు ఎదకు వచ్చినప్పుడు కనిపెట్టాలి. ఎద సుమారు 12 నుంచి 18 గంటలు ఉంటుంది. అది దాటితే మళ్లీ 21 రోజులకు గానీ రాదు. మూడు ఎదలు తప్పితే రెండు నెలలు పోయినట్టే. వచ్చే ఈత రెండు నెలలు వెనక్కి పోతుంది. కష్టపడి పెట్టుకున్న ఆరు నెలల తేడా చెదిరిపోతుంది.

ఎదకు వచ్చిన ఆవు అరుస్తుంది. మేత సరిగా తినదు. ఆ పూట పాలు తగ్గుతాయి. మాటిమాటికీ మూత్రం పోస్తుంది. వెనక తెల్లటి గాజు తీగలాగా జిగురు వేలాడుతుంది. ఇంకో ఆవు మీదికెక్కినా కదలకుండా నిలబడుతుంది. కొన్ని ఆవులు ఎదలో ఉన్నా అరవవు. అందుకే తెల్లవారు జామున, రాత్రి పడుకోబోయే ముందు కొట్టం దగ్గర కాసేపు నిలబడి చూడాలి.

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది వేయించాలి. సాయంత్రం కనిపిస్తే మరునాడు పొద్దున వేయించాలి. 21 రోజులకు మళ్లీ ఎదకు వచ్చిందా అని చూడాలి. రాకపోతే చూడి కట్టిందని అనుకోవచ్చు. కానీ నమ్మకంగా తెలియాలంటే మూడు నెలలకు పశువుల డాక్టరు చేత పరీక్ష చేయించాలి. మూడు సార్లు సూది వేసినా నిలవకపోతే ఊరికే ఉండకూడదు. వెంటనే ఆస్పత్రికి చూపించాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది.

పాల లెక్క

ఒక ఆవు 300 రోజుల్లో సగటున రోజుకు ఏడున్నర లీటర్లు ఇచ్చింది అనుకుందాం. మొత్తం 2,250 లీటర్లు. లెక్క కోసం లీటరు 36 రూపాయలు అనుకుందాం. వచ్చేది 81 వేలు.

దాణా ఆవు ఒంటికి రోజుకు ఒక కిలో పెట్టాలి. ప్రతి రెండున్నర లీటర్ల పాలకూ ఇంకో కిలో కలపాలి. ఏడున్నర లీటర్లకు మొత్తం 4 కిలోలు. వట్టిపోయిన రోజుల్లో 2 కిలోలు. కిలో 30 రూపాయలైతే ఏడాదికి సుమారు 40 వేలు. వరిగడ్డికి 6 వేలు. మందులకూ, సూదికీ, బీమాకూ 5 వేలు. ఖర్చు మొత్తం 51 వేలు.

మిగిలేది 30 వేలు. రెండావులకు 60 వేలు. అంటే నెలకు 5 వేలు. ఇందులో ఇంటివాళ్ల కూలి పట్టలేదు. ఆవును అప్పుతో కొంటే వాయిదా కూడా ఇందులోనే కట్టాలి. అప్పుడు చేతికి వచ్చేది బాగా తగ్గుతుంది. ఎవరి ఊరి ధరలు వాళ్లు వేసుకుని ఈ లెక్క మళ్లీ చేసుకోవాలి.

డైరీవాళ్లు పాలను కొలత చూసి మాత్రమే కొనరు. వెన్న ఎంత ఉంది, వెన్న కాకుండా మిగిలిన గట్టి పదార్థం ఎంత ఉంది అని చూస్తారు. అది చీటీ మీద ఉంటుంది. ఆవు పాలల్లో వెన్న 3 దాటి, సుమారు 4 దాకా ఉంటుంది. గట్టి పదార్థం ఎనిమిదిన్నర దగ్గర ఉంటుంది. ఉన్నట్టుండి అంకె తగ్గితే కారణం వెతకాలి. పొదుగులో చివరి పాలల్లో వెన్న ఎక్కువ. వాటిని పిండకుండా వదిలేస్తే వెన్న తగ్గుతుంది. గట్టి పదార్థం తగ్గితే మేత చాలలేదేమో చూడాలి. పొదుగు వాపు కూడా కావచ్చు. మొదటి రెండు ధారల్ని నల్లగుడ్డ మీద పిండి చూస్తే తెలుస్తుంది. పలుకులు కనిపిస్తే పొదుగు వాపు మొదలైనట్టే. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

తల్లి రాసే పుస్తకం

ఆ ఇంట్లో తల్లి ఒక నోటుపుస్తకం పెట్టింది. ఒక్కో ఆవుకు ఒక్కో పేజీ. ఈనిన తేదీ రాసింది. ఎదకు వచ్చిన తేదీ రాసింది. సూది వేసిన తేదీ రాసి, పక్కనే 21 రోజుల తర్వాతి తేదీ రాసింది. గాలికుంటు టీకా వేసిన తేదీ రాసింది. బీమా బిళ్ళ నెంబరు రాసింది. చెవి బిళ్ళ ఊడిపోతే వెంటనే చెప్పి వేయించుకోవాలి. బిళ్ళ లేకుండా ఆవు చనిపోతే బీమా డబ్బు రావడం కష్టం.

మొదటి ఏడాది ఒక ఆవుకు పెయ్య దూడ పుట్టింది. పుట్టిన గంట లోపు దానికి జున్నుపాలు తాపారు. బాగా మేపితే మూడేళ్లకు అదీ పాలిస్తుంది. అప్పుడు కొనకుండానే మూడో ఆవు వచ్చినట్టు. కానీ మూడో ఆవుకు ఇంకో 12 సెంట్ల గడ్డి కావాలి. తడి లేకపోతే మూడో ఆవు వద్దు.

ఆగస్టు 27న కొడుకు తెల్లవారకముందే కొట్టంలోకి పోయి చూశాడు. ఆవు అరవడం లేదు. కానీ తోక కింద జిగురు కనిపించింది.

"మా, పుస్తకంలో ఏ తేదీ ఉంది?" అని కేకేశాడు.

తల్లి దీపం దగ్గర పుస్తకం తెరిచింది. వేలు పెట్టి చదివింది. "కిందటిసారి ఎదకొచ్చింది ఆగస్టు 6. ఈ పొద్దుకు 21 రోజులు. సాయంత్రం సూదికి చెప్పిరా" అంది.