మూత పడటమంటే ఓడిపోవడమేనా?

చిన్న వ్యాపారాలు ఎందుకు నిలబడతాయన్న అంశంపై థీసిస్ రాసేవారు చాలామంది సాహిత్య సమీక్షలో ఒక్కో పరిశోధకుడికి ఒక్కో పేరా కేటాయిస్తారు. అది చిట్టా అవుతుంది, సమీక్ష కాదు. ముందు అడగాల్సింది ఒకటే: ఈ అధ్యయనం ‘నిలబడటం’ అని దేన్ని లెక్కగట్టింది?

అమెరికాలో తిమోతీ బేట్స్ 1990లో ప్రచురించిన అధ్యయనం చూడండి. 1976–82 మధ్య సొంత వ్యాపారంలోకి దిగిన మగవాళ్ల సంస్థల్లో 1986 నాటికి ఏవి నడుస్తున్నాయో చూశారు. యజమాని చదువు, పెట్టుబడి ఎక్కువగా ఉన్నవే ఎక్కువగా నిలిచాయి. ఇక్కడ మూతపడిందంటే నిలబడనట్టే లెక్క. 2003లో బ్రయాన్ హెడ్ అదే దేశపు సమాచారంతో ఇంకో ప్రశ్న వేశారు: మూసేసేనాటికి వ్యాపారం బాగానే నడుస్తోందా? మూసేసినవారిలో దాదాపు మూడోవంతు మంది అవునన్నారు. మంచి బేరం వచ్చి అమ్మేసినా, వయసు మీదపడి విరమించుకున్నా దుకాణం మూతపడుతుంది కదా!

ఈ రెండింటినీ ఒకే వాక్యంలో ‘పెట్టుబడి ముఖ్యం’ అని కలిపేస్తే సమీక్ష అక్కడే దెబ్బతింటుంది. అందుకే నేను విద్యార్థులతో పెద్ద కాగితంపై గళ్లు గీయిస్తాను: ఎవరిని ఎంచుకున్నారు, ఎన్నేళ్లు గమనించారు, దేన్ని మూత అన్నారు. నడుస్తున్న దుకాణాలనే అడిగి వచ్చిన అధ్యయనం పక్కన ఎర్రగీత పెట్టిస్తాను. మూసేసినవాళ్ల మాట అందులో ఉండదు.