మైనస్ పదకొండా, మైనస్ పదా?

డీఎస్18బీ20 అని ఒక ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది. మూడు కాళ్లతో మామూలు ట్రాన్సిస్టర్‌లాగే కనిపిస్తుంది. ఆర్డూయినో బోర్డులతో ప్రాజెక్టులు చేసే పిల్లలకి బాగా పరిచయమైన చిప్. మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ దాకా కొలుస్తుంది. కొలిచినదాన్ని డిగ్రీలో పదహారో వంతుల లెక్కన, పదహారు బిట్ల సంఖ్యగా పంపుతుంది. గదిలో 25 డిగ్రీలుంటే అది పంపేది 400. దాన్ని పదహారుతో భాగిస్తే మన 25 మనకొస్తుంది. పదహారంటే నాలుగు రెళ్ల లబ్ధం కాబట్టి నిజంగా భాగించక్కర్లేదు, బిట్లన్నిటినీ కుడివైపుకి నాలుగు గళ్లు జరిపితే సరిపోతుందని క్లాసులో చెబుతారు.

మన వాతావరణంలో ఈ మాట ఎప్పుడూ నిజమే అవుతుంది, ఎందుకంటే ఇక్కడ ఆరుబయట ఉష్ణోగ్రత సున్నా కిందకి దాదాపుగా పోదు. అదే సెన్సర్‌ని ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు అసలు కథ మొదలవుతుంది. లోపల మైనస్ 10.125 ఉంటే తెరమీద మైనస్ 11.875 కనబడొచ్చు, లేదా ఏకంగా 4085 డిగ్రీలు కనబడొచ్చు. సెన్సర్ పాడవలేదు, తీగ ఊడలేదు. తప్పంతా ఆ జరపడంలోనే ఉంది.

ముందు ఆ బిట్లు ఎలా వచ్చి చేరతాయో చూద్దాం. సెన్సర్‌కి సమాచారం పంపే తీగ ఒక్కటే. పదహారు బిట్లూ ఆ తీగమీద ఒకదాని వెనక ఒకటి రావాలి, అన్నిటికంటే చిన్న విలువ ఉన్న బిట్ ముందు. అలా వరసగా వచ్చేవాటిని పట్టి పక్కపక్కన నిలబెట్టేదే షిఫ్ట్ రిజిస్టర్. ఒక్కో బిట్‌ని దాచుకునే ఫ్లిప్-ఫ్లాప్‌లని వరసగా పెట్టి, ఒకదాని అవుట్‌పుట్‌ని తర్వాతదాని ఇన్‌పుట్‌కి కలుపుతారు. అన్నిటికీ ఒకటే క్లాక్. క్లాక్ కొట్టినప్పుడల్లా ప్రతి ఫ్లిప్-ఫ్లాప్ తన పక్కనున్నదాని బిట్‌ని తీసుకుంటుంది, మొదటిది తీగమీంచి కొత్త బిట్‌ని తీసుకుంటుంది. మేడమీదకి ఇటుకలు చేరవేసే కూలీల వరసలో అందరూ ఒక్కసారే పక్కవాళ్లకి అందించినట్టు.

ఆ 'ఒక్కసారే' అన్నదానిమీదే అంతా నిలబడి ఉంది. క్లాక్ పై స్థాయిలో ఉన్నంతసేపూ తలుపు తెరిచి ఉంచే లాచ్‌లతో ఈ వరస కడితే, మొదట చేరిన బిట్ ఒకే దెబ్బకి చివరిదాకా పరుగెత్తుకుపోతుంది. అందుకే క్లాక్ కింది నుంచి పైకి లేచే అంచు దగ్గర మాత్రమే కదిలే ఫ్లిప్-ఫ్లాప్‌లు వాడతారు. ఆ క్షణంలో ప్రతిదీ పక్కదాని పాత విలువని చూస్తుంది, అది మారేలోపు తలుపు మూసుకుంటుంది. ఆర్డూయినో ఈ పనిని ప్రోగ్రామ్‌తో చేస్తుంది. బైట్‌ని కుడికి ఒక గడి జరిపి, వచ్చిన బిట్‌ని ఎడమ చివర పెడుతుంది. ఎనిమిది బిట్లు వచ్చేసరికి మొదట వచ్చినది కుడి చివర, తన అసలు స్థానంలో ఉంటుంది.

షిఫ్ట్ రిజిస్టర్‌కి ఒక పరిమితి ఉంది. ఒక క్లాక్‌కి ఒక్క గడే. నాలుగు గళ్లు జరపాలంటే నాలుగు క్లాక్‌లు, పదమూడు గళ్లకి పదమూడు. ఆర్డూయినో ఊనోలో ఉండే ఏటీమెగా328పీ ప్రాసెసర్‌ది కూడా ఇదే పరిస్థితి. దాని రిజిస్టర్లు ఎనిమిది బిట్లవి, ఒక ఆదేశానికి ఒక గడే జరపగలదు. పదహారు బిట్ల సంఖ్య రెండు రిజిస్టర్లలో ఉంటుంది కాబట్టి పై సగానికొక ఆదేశం, కింది సగానికొకటి. నేరుగా రాస్తే నాలుగు గళ్లకి ఎనిమిది ఆదేశాలు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 కూడా అంతే, ఎక్కువ గళ్లు జరిపితే గడికి నాలుగు క్లాక్‌ల చొప్పున కాలం పెరిగేది.

బ్యారెల్ షిఫ్టర్‌లో ఈ ఎదురుచూపు ఉండదు. అందులో క్లాక్ లేదు, దాచుకునేదీ ఏమీ లేదు. 32 బిట్ల బ్యారెల్ షిఫ్టర్‌ని ఐదు వరసల స్విచ్చులుగా ఊహించుకోండి. మొదటి వరస బిట్లని 16 గళ్లు జరుపుతుంది, లేదా ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తుంది. రెండోది 8 గళ్లు, తర్వాతవి 4, 2, 1. పదమూడు గళ్లు కావాలంటే 8, 4, 1 వరసలని పనిచేయించి మిగతా రెంటినీ ఊరికే దాటిస్తారు. పదమూడుని బైనరీలో రాస్తే వచ్చే 01101 ఉందే, అందులోని ఒక్కో అంకె ఒక్కో వరసకి నేరుగా ఆజ్ఞ. వేరే లెక్క అక్కర్లేదు. వరసకి 32 చొప్పున మొత్తం 160 స్విచ్చులు, ఎన్ని గళ్లు జరిపినా ఒకటే సమయం. 1985లో ఇంటెల్ 80386లోనూ, అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎకార్న్ కంపెనీ తయారుచేసిన మొదటి ఆర్మ్ ప్రాసెసర్‌లోనూ బ్యారెల్ షిఫ్టర్ ఉంది.

కుడికి జరిపితే ఎడమవైపు గళ్లు ఖాళీ అవుతాయి. వాటిలో ఏం నింపాలి? అసలు చిక్కు ఇక్కడుంది.

మన మైనస్ 10.125ని తీసుకుందాం. పదహారో వంతుల్లో అది మైనస్ 162. సెన్సర్ పంపే బిట్లు ఇవి:

```
1111 1111 0101 1110   (0xFF5E)
```

రుణసంఖ్యల్ని రాసే ఈ పద్ధతిలో ఎడమ చివరి బిట్ విలువ మైనస్ 32768. మిగతావన్నీ మామూలుగా ధనవిలువలే, 16384 నుంచి 1 దాకా. ఖాళీ గళ్లలో సున్నాలు నింపితే ఆ మైనస్ బరువు మోసే గడి సున్నా అయిపోతుంది, సంఖ్య ధనసంఖ్యగా మారిపోతుంది. మనకి కనబడ్డ 4085 అలా వచ్చిందే. అలా కాకుండా ఎడమ చివరి బిట్ ఏదైతే దాన్నే ఖాళీ గళ్లలోనూ నింపితే అది అరిథ్మెటిక్ షిఫ్ట్. ఇది ఎందుకు సరైనదో ఒక గడి జరిపి చూస్తే తెలుస్తుంది. మైనస్ 32768లో సగం మైనస్ 16384. అది మైనస్ 32768కి 16384 కలిపినదానితో సమానం. అంటే మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో ఒకటి. చిహ్నపు బిట్‌ని నకలు చేస్తే సరిగ్గా వచ్చేది అదే. బ్యారెల్ షిఫ్టర్‌లో దీనికోసం అదనంగా కావలసింది ఒక్క గేట్. ఖాళీ గళ్లకి వెళ్లే తీగమీద సున్నా పెట్టాలా, చిహ్నపు బిట్ పెట్టాలా అని అది తేలుస్తుంది.

అలా జరిపాక వచ్చేది 1111 1111 1111 0101, అంటే మైనస్ 11. కుడివైపు రాలిపోయిన నాలుగు బిట్లు 1110, అంటే 14. పదహారులో పద్నాలుగు వంతులంటే 0.875. మైనస్ 11కి 0.875 కలిపితే మైనస్ 10.125. లెక్క తప్పలేదు! కానీ ప్రోగ్రామ్ రాసినవాళ్లు ముందు '-11' అని, చుక్క పెట్టి, దాని పక్కనే '875' అని ముద్రిస్తారు. కలపాల్సిన భిన్నం కాస్తా తీసేసిన భిన్నమై కూర్చుంటుంది. మైనస్ 0.5 అయితే మైనస్ 1.5గా కనబడుతుంది. ధనసంఖ్యలతో ఎంత పరీక్షించినా ఇది బయటపడదు.

సీ భాషలో జరపకుండా 16తో భాగిస్తే జవాబు మైనస్ 10, శేషం మైనస్ 2. 1999 ప్రమాణం నుంచీ సీలో భాగహారం భిన్నభాగాన్ని సున్నావైపుకి కత్తిరించాలన్నది నియమం. షిఫ్ట్ ఎప్పుడూ కిందవైపుకి, అంటే ఇంకా పెద్ద మైనస్‌వైపుకి దిగుతుంది. భాగారం నిశ్శేషంగా పోయినప్పుడు రెండూ ఒకటే, ధనసంఖ్యలకీ ఒకటే. రుణసంఖ్యకి శేషం మిగిలితే మాత్రం ఒకటి తేడా. మైనస్ 1ని ఎన్నిసార్లు జరిపినా మైనస్ 1గానే ఉండిపోతుంది, భాగిస్తే వెంటనే సున్నా. అరిథ్మెటిక్ షిఫ్ట్ అంటే భాగహారమే అనుకోవడం ఎంత ప్రమాదమో 1977లోనే గై స్టీల్ ఒక వ్యాసంలో వివరించారు. కంపైలర్లు ఈ తేడాని ఒక చిన్న కూడికతో సరిచేస్తాయి. సంఖ్య రుణాత్మకమైతే ముందు 15 కలిపి అప్పుడు జరుపుతాయి. మైనస్ 162కి 15 కలిపితే మైనస్ 147, నాలుగు గళ్లు జరిపితే మైనస్ 10.

రెండింటిలో ఏది మంచిదంటే, నా ఓటు చాలాసార్లు షిఫ్ట్‌కే. కిందకి దిగే పద్ధతిలో ప్రతి డిగ్రీకీ సరిగ్గా పదహారు రీడింగులు వస్తాయి. సున్నావైపు కత్తిరిస్తే మైనస్ 15 నుంచి 15 దాకా ముప్పై ఒక్క రీడింగులు 'సున్నా డిగ్రీలు' అనే ఒక్క డబ్బాలో పడతాయి, గ్రాఫు గీస్తే సున్నా దగ్గర చదునుగా ఒక మెట్టు కనబడుతుంది. పైథాన్ భాషలో // గుర్తు షిఫ్ట్‌లాగే కిందకి దిగుతుంది, -162 // 16 అంటే -11. కానీ తెరమీద మనిషి చదివే అంకెలకి ఈ రెండు పద్ధతులూ నేరుగా పనికిరావు. కత్తిరిస్తే మైనస్ 0.5లో పూర్ణభాగం సున్నా అయిపోయి, మైనస్ గుర్తే పోతుంది. అందుకని గుర్తుని ముందే విడదీసి పక్కన పెట్టుకోవాలి:

```
int16_t raw = (hi << 8) | lo;
bool neg = raw < 0;
uint16_t mag = neg ? -raw : raw;
uint16_t deg = mag >> 4;
uint16_t frac = (mag & 15) * 625;
```

ఇక్కడ frac డిగ్రీలో పదివేలో వంతుల్లో ఉంటుంది కాబట్టి దాన్ని నాలుగు అంకెలుగా, ముందు సున్నాలు పెట్టి ముద్రించాలి. మొదటి వరసలో int16_t బదులు ఉత్త int అని రాస్తే ఊనోలో ఏ ఇబ్బందీ ఉండదు, అక్కడ int అంటే పదహారు బిట్లే. అదే ప్రోగ్రామ్‌ని ఈఎస్‌పీ32 బోర్డుమీదకి మారిస్తే అక్కడ int 32 బిట్లు. 0xFF5E ఆ పెద్ద గదిలో కుడివైపున కూర్చుని 65374 అనే ధనసంఖ్య అవుతుంది. అప్పుడు బ్యారెల్ షిఫ్టర్ అరిథ్మెటిక్ షిఫ్టే చేసినా నకలు చేయడానికి దొరికే చిహ్నపు బిట్ సున్నా, మళ్లీ 4085.

దీన్నంతా పరీక్షించడానికి ఫ్రీజర్ కూడా అక్కర్లేదు. సెన్సర్ నుంచి చదివే చోట hi, lo విలువల్ని చేత్తో రాసి చూడొచ్చు. 0xFFF8 ఇస్తే మైనస్ 0.5 రావాలి, గుర్తు పోయిందో లేదో అది చెబుతుంది. 0xFF5E ఇస్తే మైనస్ 10.125. 0xFE6F ఇస్తే మైనస్ 25.0625. మైనస్ 25.625 అని వస్తే భిన్నం ముందు సున్నా రాలేదన్నమాట, మైనస్ 26.9375 అని వస్తే గుర్తు తీయకముందే జరిపేశారన్నమాట.