మాస్టర్ ప్లాన్‌లో భూవినియోగ శాతాలు: దేనిలో శాతం?

మాస్టర్ ప్లాన్‌లోని భూవినియోగ పట్టికలో "నివాస ప్రాంతం 45 శాతం" అని కనిపించగానే అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇది దేనిలో 45 శాతం? మొత్తం ప్రణాళికా ప్రాంతంలోనా, అభివృద్ధి చెందిన ప్రాంతంలోనా? రెండవదానిలో పొలాలు, చెరువులు, కొండలు ఉండవు. పట్టిక చివరి వరుసలు చూస్తే తెలిసిపోతుంది. వ్యవసాయం, జలవనరులు కూడా కలిసి మొత్తం 100 అయితే అది పూర్తి ప్రాంతం లెక్క. రోడ్లు, పార్కుల దగ్గరే 100 పూర్తయితే అది అభివృద్ధి చెందిన ప్రాంతం లెక్క.

ఉదాహరణకు 100 చదరపు కిలోమీటర్ల ప్రణాళికా ప్రాంతం ఉన్న ఒక పట్టణాన్ని ఊహించుకుందాం. ప్రస్తుతం నివాసానికి 18, వాణిజ్యానికి 2, పరిశ్రమలకు 3, రోడ్లు, పార్కులు, ప్రభుత్వ అవసరాలకు 17, అంటే అభివృద్ధి చెందినది 40 చ.కి.మీ. మిగిలిన దానిలో 50 వ్యవసాయం, 10 చెరువులు, కొండలు. ఇరవై ఏళ్ల తరువాతి ప్రతిపాదనలో నివాసం 28, వాణిజ్యం 4, పరిశ్రమలు 7, రోడ్లు వగైరా 31, మొత్తం 70. వ్యవసాయం 20కి తగ్గుతుంది.

పూర్తి ప్రాంతంలో చూస్తే నివాసం 18 నుంచి 28 శాతానికి పెరిగింది. అభివృద్ధి చెందిన ప్రాంతంలో చూస్తే 45 నుంచి 40 శాతానికి తగ్గింది. రెండూ నిజమే. ప్రస్తుత పట్టిక నుంచి 45, ప్రతిపాదిత పట్టిక నుంచి 28 తీసుకుని "ఇళ్ల స్థలం బాగా తగ్గింది" అని రాయడమే తప్పు. పరీక్ష పత్రాలలో ఈ పొరపాటును నేను చాలాసార్లు చూశాను.

వ్యవసాయానికి వచ్చేసరికి శాతాల తేడా సరిపోదు. 50 నుంచి 20కి అంటే 30 పాయింట్ల తగ్గుదల. కాని ఉన్న పొలాలలో 60 శాతం పోతున్నాయి. జనాభా కూడా 2 లక్షల నుంచి 4 లక్షలకు చేరుతుందనుకుంటే, నివాస భూమిలో చదరపు కిలోమీటరుకు సుమారు 11,100 మంది ఉన్నచోట 14,300 మంది ఉండవలసి వస్తుంది. నీరు, మురుగు ఏర్పాట్లు ఈ సంఖ్యకు సరిపోతాయా అన్నది ప్లాన్‌లోని వేరే అధ్యాయంలో చూడాలి.

వాణిజ్యం వాటా చిన్నదని వ్యాపారం తక్కువని అనుకోకండి. కింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇళ్లు చాలావరకు నివాసం పద్దులోనే చేరుతాయి.

శాతం చెప్పని విషయం మరొకటి ఉంది: ఎవరి పొలం? కామారెడ్డి ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ సాగు భూములను పారిశ్రామిక జోన్‌లో చూపారని రైతులు ఆందోళన చేశారు. 2023 జనవరిలో మునిసిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. పరిశ్రమలకు ఎంత శాతం అన్నది పట్టికలో ఉంటుంది. అది ఏ సర్వే నంబర్ల మీద పడిందో ప్రతిపాదిత భూవినియోగ పటంలో మాత్రమే కనిపిస్తుంది. అందుకే పట్టికను, పటాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి. అదీ ముసాయిదా దశలో, అభ్యంతరాల గడువు ముగియకముందే.