తెలుగు వరసలో మొదలుపెట్టి జర్మన్ వాక్యం కట్టడం

జర్మన్ అభ్యాస పుస్తకంలో పదాలు చెల్లాచెదురుగా ఇచ్చి వాక్యం కట్టమంటారు. ఉదాహరణకు: వెన్, డేర్ త్సూక్, ఉమ్ అఖ్ట్ ఊర్, అన్‌కొమ్మెన్, ఇష్, డిష్, అన్‌రూఫెన్. ‘రైలు ఎనిమిదింటికి చేరితే నీకు ఫోన్ చేస్తాను’ అని రావాలి. అన్‌కొమ్మెన్ అంటే చేరడం, అన్‌రూఫెన్ అంటే ఫోన్ చేయడం. రెండూ విడిపోయే క్రియలే. ముందున్న ‘అన్’ ఊడి వాక్యం చివరకు పోగలదు.

మనవాళ్లు తరచుగా రాసే జవాబు ఇది: “వెన్ డేర్ త్సూక్ కొమ్ట్ ఉమ్ అఖ్ట్ ఊర్ అన్, ఇష్ రూఫె డిష్ అన్.” క్రియారూపాలు సరైనవే, వరసే రెండు చోట్లా తప్పింది. ఇంగ్లిష్ మీదుగా జర్మన్‌లోకి వెళ్లడం వల్ల ఇలా జరుగుతుందని నా నమ్మకం. తెలుగు నుంచి నేరుగా వెళ్తే దారి దగ్గర.

తెలుగులో క్రియ చివర ఉంటుంది. జర్మన్ ఉపవాక్యంలోనూ అంతే. ‘వెన్’ ముందు నిలబడితే, క్రియ విడిపోకుండా చివరికి చేరుతుంది: “వెన్ డేర్ త్సూక్ ఉమ్ అఖ్ట్ ఊర్ అన్‌కొమ్ట్.” ‘రైలు ఎనిమిదింటికి చేరితే’ అన్న వరసే ఇది. మనం ‘తే’ను క్రియకు అతికిస్తాం, వాళ్లు ‘వెన్’ను ముందు పెడతారు.

ప్రధాన వాక్యాన్నీ మొదట మన వరసలోనే పేర్చండి: “ఇష్ డిష్ అన్‌రూఫె”, నేను నీకు ఫోన్ చేస్తాను. ఇప్పుడు ‘రూఫె’ను మాత్రం రెండో స్థానానికి లాగండి. ‘అన్’ ఉన్నచోటే ఉండిపోతుంది: “ఇష్ రూఫె డిష్ అన్.” అంటే ఉపసర్గ ఎక్కడికీ పోలేదు, క్రియే దాన్ని వదిలి ముందుకొచ్చింది. చాలామంది భాషాశాస్త్రజ్ఞులు కూడా జర్మన్‌కు మూలవరస క్రియ చివర ఉండేదేనని విశ్లేషిస్తారు.

ఇక రెండో స్థానం అంటే రెండో పదం కాదు. ఒక ఉపవాక్యం మొత్తం కలిసి ఒకే స్థానం. మన ‘వెన్’ వాక్యం ముందు కూర్చుంటే ఆ మొదటి స్థానం నిండిపోతుంది, వెంటనే క్రియ రావాలి, ‘ఇష్’ దాని వెనక్కి జరగాలి: “వెన్ డేర్ త్సూక్ ఉమ్ అఖ్ట్ ఊర్ అన్‌కొమ్ట్, రూఫె ఇష్ డిష్ అన్.” కామాకు రెండువైపులా క్రియలు ఎదురెదురుగా కనిపిస్తే వరస కుదిరినట్టే. కామా తర్వాత ‘ఇష్’ కనిపిస్తే మళ్లీ చూసుకోండి.

‘వైల్’, ‘డెన్’ రెండింటికీ ‘ఎందుకంటే’ అనే అర్థం. అయినా ‘వైల్’ క్రియను చివరకు నెడుతుంది. ‘డెన్’ ఏ స్థానాన్నీ ఆక్రమించదు, దాని తర్వాత మామూలు ప్రధాన వాక్యమే వస్తుంది.

ఏ ఉపసర్గ విడిపోతుందో చెవే చెబుతుంది: పలికేటప్పుడు ఒత్తు ఉపసర్గ మీద పడితే అది విడిపోతుంది. ‘ఉమ్‌ఫారెన్’ చూడండి. ఒత్తు ‘ఉమ్’ మీద ఉంటే “ఏర్ ఫేర్ట్ డేన్ బౌమ్ ఉమ్”, అతను బండితో చెట్టును గుద్ది పడేస్తాడు. ఒత్తు ‘ఫారెన్’ మీద ఉంటే “ఏర్ ఉమ్‌ఫేర్ట్ డేన్ బౌమ్”, చెట్టు చుట్టూ తిరిగి క్షేమంగా పోతాడు.