పాముకు కాళ్లు గీస్తే ఇంగ్లీషులో ఏమనాలి?

చైనా భాషలో నాలుగక్షరాల జాతీయాలను ఛెంగ్‌యు అంటారు. వాటిలో చాలావాటి వెనుక ఓ పాత కథ ఉంటుంది. వాటిని ఇంగ్లీషులోకి తెచ్చే అనువాదకుడికి నాలుగు అక్షరాల అర్థం తెలిస్తే సరిపోదు, కథ ఎక్కడ దెబ్బ కొడుతుందో కూడా తెలియాలి.

‘హువా షె థ్యెన్ త్సు’నే తీసుకుందాం. గీయడం, పాము, చేర్చడం, పాదం: నాలుగక్షరాల అర్థం ఇంతే. దీని కథ ‘జాన్‌గువో త్సె’ అనే ప్రాచీన గ్రంథంలో ఉంది. చు రాజ్యంలో పూజ ముగిశాక పనివాళ్లకు ఓ పాత్ర మద్యం ఇచ్చారు. అందరికీ చాలదు, ఒక్కడికైతే మిగులుతుంది. నేలమీద పామును ముందు గీసినవాడే తాగాలని పందెం వేసుకున్నారు. ఒకడు ముందుగా గీసేసి, ఎడమచేత్తో పాత్ర అందుకుని, సమయం ఉంది కదా అని కుడిచేత్తో కాళ్లు గీయసాగాడు. ఇంతలో రెండోవాడు తన బొమ్మ ముగించి, పాముకు కాళ్లెక్కడివంటూ పాత్ర లాక్కుని తాగేశాడు.

ఈ కథను ఛెన్ జెన్ అనే రాయబారి చు సేనాపతి జావ్ యాంగ్‌కు చెప్పాడు. అప్పటికే ఎనిమిది నగరాలు గెలిచిన సేనాపతి ఛి రాజ్యం మీదికి వెళ్లబోతున్నాడు. ఇక గెలిచినా పైపదవి దక్కదు, ఆగకపోతే ఉన్నదీ పోతుందని కథ సారం. సేనాపతి వెనుదిరిగాడు.

దీనికి ఇంగ్లీషులో చాలామంది ‘గిల్డ్ ద లిలీ’ అని రాస్తారు. అది అందమైనదానికి అనవసరపు మెరుగులు దిద్దడం. చేతికందినది పోయిందన్న బాధ అందులో లేదు. ‘అన్‌నెసెసరీ’ అన్నా అంతే, చప్పగా ఉంటుంది. ఓ నివేదిక చివరి పేరా గురించి ఈ మాట వాడితే ‘ద లాస్ట్ పేరాగ్రాఫ్ స్పాయిల్స్ ఇట్’ అనడం మేలు. అక్కడ పాము కనిపించకపోయినా నష్టం తెలుస్తుంది.

సమావేశంలో పెద్దాయన మాట్లాడాక చిన్నవాడు లేచి, తాను పాముకు కాళ్లు చేర్చనంటే, అది వినయం. ‘ఐ కాంట్ ఇంప్రూవ్ ఆన్ దట్’ అంటే ఆ స్వరం దక్కుతుంది. నవలలో సలహాదారు సేనాపతిని హెచ్చరిస్తుంటే మాత్రం పామును ఉంచాలి. ‘వై పుట్ ఫీట్ ఆన్ ఎ స్నేక్?’ అనే ప్రశ్న కథ తెలియని పాఠకుడికీ అర్థమవుతుంది, అధస్సూచిక అక్కర్లేదు.

అయితే కథను గుడ్డిగా నమ్మకూడదు. ‘జావ్ సాన్ మూ స్స’ అంటే ఉదయం మూడు, సాయంత్రం నాలుగు. కోతులకు ఉదయం మూడు, సాయంత్రం నాలుగు కాయలిస్తానంటే అలిగాయి, నాలుగూ మూడూ అంటే సంతోషించాయి. కథలో ఉన్నది మాటల మాయ. నేటి వాడుకలో మాత్రం ఆ జాతీయానికి అర్థం నిలకడలేనితనం. ప్రేమలో మాటిమాటికీ మనసు మార్చుకునేవాడిని అలా అంటే ఇంగ్లీషులో ‘ఫికిల్’ అనాలి. అక్కడ కోతుల కథ తెస్తే అర్థం తప్పుతుంది.