పిల్లి గోటికి దొరకని గుడ్డ

మా సోఫాకి కొత్త గుడ్డ వేయించాలని కొట్టుకెళ్తే, కొట్టతను కేటలాగ్ తిప్పుతూ, "ఇది ముప్పై వేల రబ్స్ గుడ్డ అమ్మా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఇంట్లో రెండేళ్ల మనవడు, ఒక పిల్లి ఉన్నాయని చెప్పాక కూడా అదే అంకె చూపించాడు.

ఆ అంకె అబద్ధం కాదు. మార్టిన్‌డేల్ అనే యంత్రం మీద గుడ్డ ముక్కని ఉన్ని గుడ్డతో రుద్దుతూ పోతారు. పోగులు తెగేదాకా ఎన్నిసార్లు రుద్దారో అదే లెక్క. ఇంట్లో రోజూ వాడే సోఫాకి ఇరవై అయిదు వేలు చాలు. కాకపోతే అది మనం కూర్చుని లేచే రాపిడికి పెట్టిన పరీక్ష. పిల్లి రుద్దదు, గోరు గుచ్చి లాగుతుంది. ఉచ్చుల్లా లేచి ఉండే బూక్లే గుడ్డకి లక్ష రబ్స్ వచ్చినా, ఒక్క ఉచ్చు గోటికి చిక్కితే పోగు జానెడు బయటికొస్తుంది.

అందుకే నేను సేఫ్టీ పిన్ను తీశాను. నమూనా ముక్క మీద మొనని ఏటవాలుగా ఆనించి మెల్లగా లాగాను. షనీల్ గుడ్డలో వెంటనే పోగు లేచింది. స్వెడ్‌లా కనిపించే పాలిస్టర్ మైక్రోఫైబర్ మీద మొన జారిపోయింది. దాని నూలు అంత సన్నం, అంత ఒత్తు. తర్వాత ముక్కని ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకున్నాను. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే నేత వదులన్నమాట.

రెక్సిన్ తుడవడానికి సుఖమే. కానీ చౌక పీయూ రకం తేమ ఎక్కువుండే సముద్రపు ఊళ్లలో నాలుగైదేళ్లకే పొట్టు లేస్తుంది. ఆ పొట్టు నేరుగా చంటివాడి నోట్లోకే.

ఇక మరక పట్టని పూత. నీటి చుక్క ముత్యంలా నిలబడితే పూత ఉన్నట్టే. ఫ్లోరిన్ రసాయనాలతో చేసిన పూత నూనెని కూడా ఆపుతుంది గానీ, అవి ప్రకృతిలో ఎంతకీ కరగవు. సోఫా చెయ్యి చప్పరించే పిల్లాడున్న ఇంట్లో నాకది ఇష్టం లేదు. ఫ్లోరిన్ లేని పూత పాలని ఆపుతుంది, పప్పులో నెయ్యిని ఆపలేదు. ఏ పూతైనా ఉతుకులకి అరిగిపోయేదే.

అసలు నష్టం గుడ్డకి కాదు, లోపలి ఫోమ్‌కి. పిల్లాడి ఉచ్చైనా పిల్లి ఉచ్చైనా కుట్టులోంచి దిగి ఫోమ్‌లో ఉండిపోతుంది. పైన ఎంత తుడిచినా తేమ రోజుల్లో మళ్లీ వాసనొస్తుంది. ఫినాయిల్ పోయకండి, పిల్లికి హాని. ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద చెప్పినంతసేపు ఉంచి, పొడిగుడ్డతో అద్దాలి.

చివరికి మైక్రోఫైబర్ గుడ్డే తీసుకుని, జిప్ కవర్లు కుట్టమన్నాను. ప్రతి ఫోమ్‌కీ లోపల నీరు దిగని ఇంకో కవరు వేయించాను. ఆ లోపలి కవరు సంగతి కుట్టేవాళ్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగండి.